గట్టు కింద ఇసుక ఉడుకుతుంటే దాని నోరు మూసెయ్యకు

అల్లుడూ,

ఈ వరదకి ఏటిగట్టు మీద రాత్రి కాపలాకి నీ పేరు వేశారని మీ అత్త చెప్పింది. నువ్వు గోదావరి వైపే చూస్తూ కూర్చుంటావని నా భయం, కొత్తలో నేనూ అదే చేశాను.

నీళ్లు గట్టు మీంచి పొర్లడం కంటికి కనబడుతుంది. గట్టు కుంగిన చోట్లు, బళ్లు దిగే దారులు పగలే చూసి పెట్టుకో, ముందు దాటేది అక్కడే. దాటిన నీరు పొలం వైపు వాలును కింది నుంచి పైకి కోసుకుంటూ వస్తుంది కాబట్టి బస్తాలు దాటకముందే పడాలి. ఒక అడుగు ఎత్తు కట్టాలంటే అడుగున మూడడుగుల వెడల్పు ఉండాలి. బస్తాను సగానికి కొంచెం పైన మాత్రమే నింపు, బిర్రుగా నింపితే ఒకదాని మీద ఒకటి సర్దుకోక సందుల్లోంచి నీరు కారుతుంది.

కంటికి కనబడనిది ఊట. గట్టు కింద పాత ఇసుక పొరలుంటే ఏటి నీటి ఒత్తిడి వాటి గుండా పొలం వైపుకి వచ్చి, పైన బంకమట్టి పలుచగా ఉన్నచోట, అంటే బోదెలోనో చేపల చెరువు అంచునో, బుగ్గలా పైకి తంతుంది. అందుకని లైటు పట్టుకుని పొలం వైపు గట్టు మొదట్లోనే నడువు. ఊట కనిపిస్తే స్టీలు గ్లాసుతో పట్టి కాసేపు కదపకుండా ఉంచు. తేటగా ఉంటే గుర్తు పెట్టి గంటగంటకీ చూడు. అడుగున ఇసుక దిగితే మాత్రం గట్టు కింద నుంచి మట్టి పోతోందన్నమాట, ఆ సొరంగం ఏటి వైపుకి తినుకుంటూ పోయి చివరికి గట్టు కుంగి గండి పడుతుంది.

1986 ఆగస్టు వరదలో మా గట్టు కింద పళ్లెమంత బుగ్గ లేచింది. చుట్టూ రెండడుగులు వదిలి బస్తాలతో బావి వరలా కట్టాం. ఏటి నీరు పొలం కంటే పదడుగులు పైన ఉంది, వరలో రెండడుగుల నీరు నిలిచేసరికి ఆ తేడా ఎనిమిదికి తగ్గి ఇసుక రావడం ఆగింది, నీరు మాత్రం తేటగా వస్తూనే ఉంది. మాలో ఒకరు ఆత్రంగా ఇంకో అడుగు లేపించారు, అరగంటలో పది అడుగుల అవతల కొత్త బుగ్గ లేచింది. పై వరసలు తీసి, మిగులు నీరు పోవడానికి గొట్టం పెట్టాకే రెండూ సర్దుకున్నాయి. నీటిని ఆపెయ్యాలని చూడకు, ఇసుక ఆగితే చాలు. పైన మట్టి పోసి మూస్తే ఒత్తిడి ఇంకోచోట తన్నుతుంది.

వరద తగ్గాక బుగ్గ లేచిన ప్రతిచోటా కర్ర పాతి మీ ఆఫీసుకి రాసివ్వు. లోపలి సొరంగం అలాగే ఉండి, పైసారి నీరొస్తే అక్కడే తెరుచుకుంటుంది. ఆ చోట్ల పొలం వైపు గట్టు మొదట్లో వెడల్పుగా మట్టి కట్ట వేసి బరువు పెంచాలి, లేదా ఇసుకను వదలకుండా నీటిని మాత్రం వదిలే గొట్టపు బావులు దింపాలి. వేసవిలోనే ఆ పని అయ్యేలా వెంటపడు.

మీ మావయ్య