కలలో రైలు వెళ్లిపోయాక మీకేమనిపిస్తోంది?

"నా వయసు 37. నెలలో మూడు నాలుగుసార్లు ఒకటే కల. రైలు కదిలిపోతుంటుంది, నేనింకా బ్యాగు సర్దుతూనే ఉంటాను. పరిగెత్తబోతే కాళ్లు కదలవు. ఐదేళ్ల కిందట బాబు చిన్నవాడని ప్రమోషన్ వద్దనుకున్నాను. నాతో చేరినవాళ్లంతా పైకి వెళ్లిపోయారు. నా జీవితం ఇక ఇంతేనని ఈ కల చెబుతోందా?"

లేదండీ. జరగబోయేది కలకు తెలియదు. కాళ్లు కదలకపోవడం గురించి కూడా బెంగ వద్దు. కలలు బాగా వచ్చే నిద్రలో మెదడు ఒంట్లోని కండరాలను వదులు చేసి, కదలకుండా ఉంచుతుంది. ఆ బిగుసుకుపోయిన భావన అందులోంచే వచ్చి ఉండొచ్చు.

అందరూ రైలు గురించే ఆలోచిస్తారు. నాకు మాత్రం మీ బ్యాగు మీదికి మనసు పోయింది. అందులో ఏం సర్దుతున్నారు? మీవా, బాబువా? ఆ రైలు ఎక్కడికి వెళ్తుందో మీరు రాయలేదు. నిజంగా ఆ ప్రమోషన్ గురించే అయితే, దిగాల్సిన చోటు గురించి కలలో ఏదో ఒక ఊహ ఉండేదేమో.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడకు బస్సు తప్పిపోయే కల వచ్చేది. మానేసిన చదువు గురించే అని గట్టిగా నమ్మారు. రెండు వారాలు లేవగానే మూడు విషయాలు రాయమన్నాను: ఆలస్యం దేనివల్ల అయింది, బస్సు వెళ్లిపోయాక ఏమనిపించింది, ముందురోజు ఏం జరిగింది. ఐదుసార్లు కల వస్తే, నాలుగుసార్లు ముందురోజు ఆఫీసు పని పూర్తికాక ఇంటికి తెచ్చుకున్నారు. చదువు ఊసే లేదు. ఆవిడను పరిగెత్తిస్తున్నది ఇవాళ్టి పని, పదేళ్ల కిందటి సీటు కాదు.

మీరూ అలా రాసి చూడండి. రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ ఈ కలను ఊరడింపుగా చూశాడు: ప్రయాణమంటే చావు, రైలు అందలేదంటే "నువ్వింకా పోవులే" అని. మనం కూడా 'పోయాడు' అనే అంటాం కదా. చావు సంగతి నేను ఒప్పుకోను గానీ, రైలు తప్పిపోయాక కొందరికి ఊపిరి పీల్చుకున్నట్టుంటుందన్నది నేను చాలామంది నోట విన్నాను. మీకలా అనిపిస్తే, ఆ ప్రమోషన్ మీకు నిజంగా కావాలో, తోటివాళ్లను చూసి కావాలనిపిస్తోందో తేల్చుకోవాలి. గుండె పిండేసినట్టుంటే మాత్రం, ఇప్పుడు ఖాళీలున్నాయేమో ఈ నెలలోనే మీ పైఅధికారిని అడగండి. బాబు ఇప్పుడు అప్పటంత చిన్నవాడు కాదు.

కల టెన్షన్ తగ్గడానికి, పగటిపూట దాని ముగింపు మీకు నచ్చినట్టు మార్చి రాసుకోండి. బ్యాగు వదిలేసి ఎక్కారనో, తర్వాతి రైలుకు వెళ్లారనో. రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని ఆ కొత్త కలను ఊహించుకోండి. పీడకలలకు వాడే పద్ధతే ఇది, కొన్ని వారాలు పడుతుంది. కలకు భయపడి నిద్రే మానుకుంటున్నా, పగలు కూడా ఏదీ చేయాలనిపించకపోయినా ఆగకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి.

రాసుకున్నాక, బ్యాగులో ఏముందో నాకు తప్పకుండా రాయండి.