టెక్ సందేహాలు: ఒకే డివిజన్, రెండు ఈవీఏలు

ప్రశ్న: సార్, మా ప్యాకింగ్ డివిజన్‌కి ఈవీఏ లెక్క కట్టి పంపమన్నారు. ఆపరేటింగ్ ప్రాఫిట్, క్యాపిటల్ అంకెలు, 12 శాతం కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ అన్నీ హెడ్డాఫీసే ఇచ్చింది. నా ఎక్సెల్ షీట్‌లో 43.8 లక్షలు వస్తోంది, వాళ్ల దాంట్లో 15 లక్షలే. అంకెలు అవే, ఫార్ములా అదే. మొన్నటి అప్‌డేట్ వల్లనా? ఫైల్ జత చేశాను. (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అప్‌డేట్‌కి దీనితో సంబంధం లేదు. 15 లక్షలే సరైన జవాబు. ఈవీఏ అంటే పన్ను పోగా మిగిలిన లాభంలోంచి, వాడుకున్న క్యాపిటల్‌కి అయ్యే ఖర్చు తీసేస్తే మిగిలేది. తప్పు ఎక్కడుందో మీ ఫైల్‌లో ఫార్ములాలు చూడకముందే దొరికింది. రెండు జవాబులకీ తేడా 28.8 లక్షలు. దాన్ని 12 శాతంతో భాగిస్తే 240 లక్షలు వస్తుంది. మీ పద్దుల్లో సరిగ్గా 240 లక్షలున్నది స్టాకు ఒక్కటే. అంటే మీ షీట్ స్టాకుని క్యాపిటల్‌లో కలపలేదన్నమాట. ఈవీఏలో తేడా వచ్చినప్పుడల్లా నేను మొదట చేసే పని ఈ భాగహారమే. లాభం వైపు పొరపాటు లేకపోతే, తప్పిపోయిన పద్దు తన విలువతో సహా బయటపడుతుంది.

మీ షీట్‌లో ఆపరేటింగ్ ప్రాఫిట్ 180 లక్షలు, పన్ను 25 శాతం. పన్ను పోగా మిగిలేది 135. ఫిక్స్‌డ్ ఆస్తులు 700, స్టాకు 240, రావలసిన బాకీలు 260, మొత్తం 1200 లక్షలు. సరుకు ఇచ్చినవాళ్లకి మనం కట్టాల్సిన 200 తీసేస్తే క్యాపిటల్ ఎంప్లాయిడ్ 1000 లక్షలు. ఆ డబ్బుకి 12 శాతం చొప్పున ఏడాది ఖర్చు 120. 135లోంచి 120 పోతే 15. మీరు రాసిన ఫార్ములాలు ఇవీ:

```
B9:  =SUM(B5:B7)-B8
B10: =B2*(1-B3)-B9*B4
```

రెండూ సరైనవే. చిక్కంతా B6లో ఉంది. స్టాకు అంకెని మీరు అకౌంట్స్ ప్యాకేజీ నుంచి కాపీ చేసి అతికించారు. అది అంకెగా కాక, అక్షరాలుగా వచ్చి కూర్చుంది. చూడ్డానికి 240 అనే కనిపిస్తుంది, కానీ SUM దాన్ని వదిలేసి మిగతావి కూడుతుంది. క్యాపిటల్ 760కి పడిపోయింది, దాని ఖర్చు 91.2 అయింది, ఈవీఏ 43.8కి పెరిగింది. హెడ్డాఫీసు వాళ్లు SUM వాడకుండా B5+B6+B7 అని రాశారు. ప్లస్ గుర్తు అక్షరాల రూపంలో ఉన్న అంకెని కూడా అంకెగా మార్చి కూడుతుంది. అందుకే వాళ్లకి సరిగ్గా వచ్చింది. ఫార్ములా ఒకటే అని మీరనుకున్నారు గానీ, ఒకటి కాదు.

కనిపెట్టడానికి ఒక ఖాళీ గడిలో ఇది కొట్టండి:

```
=COUNT(B5:B8)
```

నాలుగు రావాలి. మీ ఫైల్‌లో మూడే వస్తోంది. గడి ఫార్మాట్‌ని Number అని మార్చినంత మాత్రాన ఇది పోదు. ఆ గడిలో అంకె మళ్లీ టైప్ చేయాలి. వరస మొత్తం అలాగే ఉంటే ఆ వరసని ఎంచుకుని Text to Columns తెరిచి నేరుగా Finish నొక్కండి.

ఇదే ఫిర్యాదు ఈ ఏడాది నాకు ఎన్నోసార్లు వచ్చింది, ప్రతిసారీ కోపం వస్తూనే ఉంది. ఒక ప్యాకేజీ అంకెల్ని అక్షరాలుగా బయటికి పంపుతుంది. ఇంకో ప్యాకేజీ కూడికలో దాన్ని వదిలేసి, వదిలేశానని మొత్తం పక్కన ఒక్క ముక్క చెప్పదు. మూలన చిన్న ఆకుపచ్చ గుర్తు పెడితే ఎవరు చూస్తారు? కూడికలో ఒక గడి కలవలేదని ఆ కూడిక గడిలోనే కనపడాలి. అది డిజైన్ చేసినవాళ్ల బాధ్యత, నెలాఖరు టెన్షన్‌లో ఉన్న అకౌంటెంట్‌ది కాదు. ఈవీఏ విషయంలో ఇది మరీ ప్రమాదం. ఆస్తి పద్దు తప్పిపోతే జవాబు ఎప్పుడూ మంచి వైపే తప్పుతుంది, మంచి జవాబుని ఎవరూ తిరిగి చూడరు.

ఇంకో మాట. మూడు నెలల లాభం పెట్టి లెక్క కట్టేటప్పుడు 12 శాతం వేయకూడదు, 3 శాతం వేయాలి. అలాగే వచ్చే ఏడాది ఈవీఏ పెరిగిందని సంబరపడే ముందు B5 చూడండి. తరుగుదల పోయి ఫిక్స్‌డ్ ఆస్తులు 700 నుంచి 630కి దిగితే, మిగతావన్నీ ఇలాగే ఉన్నా ఖర్చు 8.4 లక్షలు తగ్గి ఈవీఏ 23.4 అవుతుంది. డివిజన్‌లో ఎవరూ కొత్తగా ఏమీ చేయలేదు, మెషిన్లు పాతబడ్డాయంతే. కొత్త మెషిన్ కొన్న డివిజన్ పక్కన పెట్టి పోల్చినప్పుడు ఇది అన్యాయంగా కనిపిస్తుంది. పోల్చేటప్పుడు ఆస్తుల వయసు కూడా పక్కన రాసి పంపండి.

ఇక నాకు అసలు భయం వేసిన సంగతి. మీ ఫైల్ కింద ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే Unhide వెలిగింది. నొక్కితే దాచిన షీట్ ఒకటి తెరుచుకుంది. అందులో మీ కంపెనీ మిగతా డివిజన్ల లాభాలు, ఈవీఏని బట్టి మేనేజర్లకి కట్టిన బోనస్ లెక్క, పేర్లతో సహా ఉన్నాయి. ఇది మీరు పెట్టింది కాదు, హెడ్డాఫీసు పంపిన నమూనా ఫైల్‌లోనే ఉండి ఉంటుంది. ఒక మాస్టర్ ఫైల్ తయారుచేసి, మిగతావి దాచి, అన్ని డివిజన్లకీ అదే పంపుతారు. షీట్ దాచడమంటే తలుపు దగ్గరగా వేయడమే, తాళం వేయడం కాదు. Protect Sheet పాస్‌వర్డ్ కూడా గడుల్ని మార్చకుండా ఆపడానికే, ఫైల్‌లోని సమాచారాన్ని అది ఎన్‌క్రిప్ట్ చేయదు. పివట్ టేబుల్ ఉంటే ఇంకా ఘోరం: మూల డేటా షీట్‌ని పూర్తిగా తీసేసినా, ఆ డేటా నకలు టేబుల్‌తోనే సేవ్ అయి ఉంటే, Grand Total గడి మీద డబుల్ క్లిక్ చేయగానే వరసలన్నీ కొత్త షీట్‌లో తిరిగొస్తాయి.

బయటికి పంపాల్సిన ఫైల్‌ని పాతదాంట్లోంచి తీసేస్తూ తయారుచేయకండి. కొత్త ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, కావలసిన గడుల్ని Paste Values తో అతికించండి. ఫార్ములాలు చూపించాల్సివస్తే ఆ రెండు లైన్లూ మళ్లీ రాయండి, ఐదు నిమిషాల పని. నాలాంటి బయటివాళ్లకైతే అసలు అంకెలే అక్కర్లేదు. పద్దులన్నిటినీ ఒకే అంకెతో హెచ్చవేసి పంపినా తప్పు అలాగే దొరుకుతుంది.

మీరు పంపిన ఫైల్, మెయిల్ రెండూ తీసేశాను. దాచిన షీట్ సంగతి మాత్రం ఈరోజే హెడ్డాఫీసుకి ఫోన్ చేసి చెప్పండి. అదే నమూనా ఇంకే డివిజన్లకి వెళ్లిందో, అక్కడి నుంచి ఎవరికి వెళ్లిందో తెలిసేది వాళ్లకే.