ఇంట్లో పనిచేసే అక్కకు ఏం తీసుకెళ్లాలి?

తొలిసారి సెలవుపై హైదరాబాద్ వెళుతున్న ఒక తమ్ముడు అడిగాడు: "మా ఇంట్లో 20 ఏళ్లుగా పనిచేస్తున్న అక్కకు మంచి ఫోను కొందామనుకుంటున్నాను. బాగుంటుందా?"

మొదటిసారి నేనూ మా ఇంట్లో పనిచేసే అక్కకు ఫోనే తీసుకెళ్లాను. నెల తిరక్కముందే అది ఆమె కొడుకు జేబులోకి చేరింది. ఆమెకు మిగిలింది రీచార్జి ఖర్చు.

రెండోసారి ఏమీ కొనకుండా వెళ్లి అమ్మను అడిగాను. అమ్మకు కూడా వెంటనే తెలియలేదు. మూడో రోజు, వంటింట్లో అమ్మ, ఆమె ఇద్దరే ఉన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. కూతురి కాన్పు కోసం 8 గ్రాముల చెవి కమ్మలు సేటు దగ్గర కుదువ పెట్టిందట. అసలు 32,000 రూపాయలు, వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. అంటే నెలకు 640. పద్నాలుగు నెలలకు వడ్డీయే 8,960 అయింది. ఆమె చెవులకు వేపపుల్లలున్నాయని నేను చూశాను కానీ, ఎందుకని అడగాలని తోచలేదు.

కొత్త బంగారం కొని ఇస్తే అదీ ఆ కొట్టుకే వెళ్లేది. అందుకే పాతదే విడిపించాలనుకున్నాం. ముందు సేటును ఆ రోజుకు మొత్తం ఎంతవుతుందో లెక్క కట్టమన్నాం. కేవలం వడ్డీ కట్టి రసీదు తిరగరాయిస్తే కమ్మలు అక్కడే ఉండిపోతాయి, అసలు తగ్గదు. 40,960 రూపాయలు కవరులో పెట్టి అమ్మ ఆమె చేతికిచ్చింది. కొట్టుకు నేను వెళ్లలేదు. నేను వెళితే అది నా బేరమైపోతుంది. రసీదు ఆమె పేరు మీదే ఉంది, ఆమే వెళ్లి, తన కళ్లముందు తూకం వేయించి, రసీదులోని బరువుతో సరిచూసుకుని తెచ్చుకుంది.

మరీ పెద్ద మొత్తం ఇవ్వాలనుకునేవారికి ఒక మాట. బంధువులు కానివారు ఇచ్చిన డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో 50,000 రూపాయలు దాటితే, దాటిన భాగమే కాదు, మొత్తమంతా తీసుకున్నవారి ఆదాయంలో కలుస్తుంది. ఆమెకు పన్ను పడేంత ఆదాయం ఉండకపోవచ్చు, కానీ కాగితాల తలనొప్పి ఆమెకెందుకు?

ఇలా ఇచ్చిన డబ్బును జీతంలో బాకీగా రాయకండి, దసరా మామూలులో కలపకండి, ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టకండి. మా పిన్ని అయితే "మళ్లీ కుదువ పెట్టదని ఏమిటి నమ్మకం?" అంది. పెట్టవచ్చు. కమ్మలు ఆమెవి.

మర్నాడు ఆమె కమ్మలు పెట్టుకుని పనికి వచ్చింది. నాతో ఏమీ అనలేదు. నెల తర్వాత మాత్రం జీతం ఐదు వందలు పెంచమని అమ్మను అడిగింది. పెంచాం.