సెలవుల చివరి సాయంత్రం డైరీలో ఏం రాయాలి?

ప్రశ్న: కుటుంబంతో సెలవులకు వెళ్లిన ప్రతిసారీ చివరి రోజు సాయంత్రం డైరీ రాద్దామని కూర్చుంటాను. ‘బాగా గడిచింది, రేపు వెళ్లాలంటే బాధగా ఉంది’ అన్న తరువాత కలం కదలదు. చిన్న చిన్న సంతోషాలనూ, మనసులో మిగిలిపోయిన వెలితినీ మీరు ఎలా రాసుకుంటారు?

జవాబు: 2016 వేసవిలో మేము శ్రీకాకుళం జిల్లాలో వారం రోజులు గడిపినప్పుడు నేను రాసుకున్న పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, శాలిహుండం పేర్లు వరుసగా ఉన్నాయి, ఒక్కొక్క పేరు పక్కన ‘చాలా బాగుంది’ అని ఉంది. ఇప్పుడు చదివితే ఆ వారం నాకు ఏమాత్రం గుర్తుకు రాదు. అయితే పేజీ చివర, అంచున ఇరికించి రాసిన ఒక వాక్యం ఉంది: ‘శ్రీకూర్మం గుడిలో తాబేలుకు ఆకుకూర అందిస్తూ, అది నమిలినంత సేపూ బాబు తానూ నోరు ఆడించాడు.’ ఆ వాక్యం చదవగానే నక్షత్ర తాబేళ్ల వీపు మీది గీతలు, రెండేళ్ల పిల్లవాడి నోరు, నా భార్య నవ్వు ఒక్కసారిగా తిరిగి వస్తాయి. ఆ తేడా గమనించిన తరువాతే నేను డైరీ రాసే పద్ధతి మార్చుకున్నాను.

2023 మే నెలలో ఉద్దానంలో, కవిటి దగ్గరి పల్లెలో ఉన్న మా మేనమామ ఇంట్లో ఎనిమిది రోజులు ఉన్నాము. చివరి సాయంత్రం పెట్టెలు సర్దక ముందే, ఐదు గంటల వేళ, అరుగు మీద కూర్చుని రాశాను. ఈ వేళ ముఖ్యమని నా అనుభవం. పెట్టెలు సర్దడం మొదలైతే మనసు అప్పటికే రైలు ఎక్కేస్తుంది. అప్పుడు రాసేది తువ్వాలు కనబడలేదని, పలాస స్టేషనుకు ఎన్ని గంటలకు బయలుదేరాలని, అంతే తప్ప సెలవుల సంగతి కాదు.

ఆ రోజు మొదట ‘బారువ సముద్రతీరంలో అమ్మ చాలా సంతోషించింది’ అని రాసి కొట్టివేశాను, ఎందుకంటే ఆ వాక్యం ఎవరి డైరీలోనైనా, ఎవరి అమ్మ గురించైనా ఉండవచ్చు. దాని కింద ఇలా రాశాను: ‘అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని చీలమండల దాకా నీళ్లలో నిలబడింది. అల వచ్చి ఎడమ కాలి చెప్పు పట్టుకుపోయింది. ఎవరమూ కదలలేదు. రెండు అలల తరువాత, నాలుగడుగుల అవతల, ఆ చెప్పును సముద్రం ఇసుక మీద బోర్లా పెట్టి వెళ్లింది. అమ్మ దాన్ని తీసి దులుపుతూ, పాలు తన్నేసిన దూడను గదిమినట్టు, ఇచ్చీసినావా, బుద్ధొచ్చిందా అంది.’ ఆమె సంతోషించిందని నేను ఎక్కడా చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు. ఒక చిన్న జాగ్రత్త మాత్రం తీసుకున్నాను: ఆమె మాటను ‘ఇచ్చేశావా’ అని దిద్దలేదు. హైదరాబాదులో మాతో మాట్లాడేటప్పుడు అమ్మ నోట ‘ఇచ్చేశావా’ అనే వస్తుంది. పుట్టింటి గాలి తగిలితేనే ‘ఇచ్చీసినావా’ అవుతుంది. దిద్ది రాస్తే పోయేది అదే.

సంతోషాలు ఇంత మాత్రం శ్రద్ధ చూపితే పలుకుతాయి. చిక్కంతా రెండవ సగంలో ఉంది, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మా మావయ్య తోటలో కూడా నిలిచిన చెట్లు కొన్నే. మరుసటి ఏడు ఆయన కొత్త మొక్కలు నాటారు, మేము వెళ్లిన వేసవిలో వాటిలో ఒక దానికి మొదటిసారి పూత వచ్చింది. మేము దిగిన రెండవ రోజు నుంచీ ఆయన రోజూ ‘ఓసారి తోటకి రా బావూ, సూద్దువు గాని’ అనేవారు, నేను రోజూ ‘రేపు వెళ్దాం మావయ్యా’ అనేవాడిని. చివరి సాయంత్రం డైరీలో నేను మొదట రాసిన వాక్యం ఇది: ‘ఎండలు ఎక్కువగా ఉండటం వలన మావయ్య తోటకు వెళ్లలేకపోయాను.’

రాసి, చదువుకుని, సిగ్గుపడ్డాను. ఉద్దానంలో ఉదయం ఆరు గంటలకు తోటలో ఎండ ఎక్కడిది? ఆ వేళకు నేను మంచం మీద ఫోను చూస్తూ ఉండేవాడిని. మన భాషలో ‘వెళ్లలేకపోయాను’ అన్న క్రియ చాలా మర్యాదస్థురాలు. అది తప్పును మన మీద నుంచి తీసి పరిస్థితుల మీద పెడుతుంది. అప్పటి నుంచి ఇటువంటి పేజీలో ‘లేకపోయాను’ అని వచ్చిన ప్రతి చోటా ఆగి, దాన్ని ‘లేదు’గా మార్చి, కారణం చెప్పే భాగాన్ని తీసివేసి చూస్తున్నాను. తీసివేసిన కారణం నిజంగానే అడ్డుపడి ఉంటే (జ్వరం వచ్చిందనుకోండి, బస్సు రాలేదనుకోండి) పాతదే ఉంచుతాను. లేకపోతే కొత్తదే ఉండాలి. ఆ రోజు పేజీలో మిగిలినది: ‘మావయ్య ఆరుసార్లు పిలిచారు. నేను తోటకు వెళ్లలేదు. ఈ రోజు ఆయన పిలవలేదు.’ మూడవ వాక్యం, రెండవది సరిగ్గా రాసిన తరువాతే నాకు తట్టింది. మొదటి రూపంలోనే ఆగిపోయి ఉంటే, ఆయన ఆ ఉదయం పిలవలేదన్న సంగతి నేను గమనించి ఉండేవాడినే కాను.

ఇంకొకటి, పూర్తిగా చిన్నది. మా బాబు పెరట్లో పచ్చి జీడిపిక్కలను రాయితో చితక్కొట్టాడు. పెంకులోని రసం తగిలితే చర్మం పొక్కుతుందని, అందుకే ఇక్కడి ఆడవాళ్లు చేతులకు నూనెగాని బూడిదగాని రాసుకుని పిక్కలు వలుస్తారని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అరుగు మీద నుంచి చూస్తూ కూడా చెప్పలేదు. సాయంత్రానికి వాడి బొటనవేలు, చూపుడువేలు కాలినట్టు ఎర్రబడ్డాయి. ‘నాకు తెలుసు, చెప్పలేదు’ అని రాశాను. ఇక్కడ నన్ను నేను నిందించుకుంటూ మరో నాలుగు వాక్యాలు రాయాలనిపించింది గాని, అవి రాసి ఉంటే పేజీ నిండా నేనే ఉండేవాడిని, వాడి వేళ్లు మరుగున పడిపోయేవి.

ఒక హద్దు మాత్రం పాటిస్తాను. ఆ ఎనిమిది రోజుల్లో పెద్దవాళ్ల మధ్య పొలం విషయంలో ఒక మాట పట్టింపు కూడా జరిగింది. దాన్ని ‘మంగళవారం భోజనాల దగ్గర మాటలు పెరిగాయి’ అని ఒక్క వాక్యంతో వదిలేశాను. డైరీ చేతిసంచిలోనే ఉంటుంది, మా ఇంట్లో దాన్ని ఎవరైనా తీసి చదువుతారు. పైగా ఆ కోపం ఇంకా చల్లారని సాయంత్రం రాసేది న్యాయంగా ఉండదు.

సంతోషానికి ఒకటి, వెలితికి ఒకటి అని తూకం వేయకండి. నా పేజీన్నరలో అమ్మ చెప్పు అరపేజీ తీసుకుంది, తోట మూడు వాక్యాలతో ముగిసింది, కరెంటు పోయి అందరమూ పెరట్లో నులక మంచాల మీద పడుకున్న రాత్రి గురించి మొదలుపెట్టిన వాక్యం ‘మావయ్య చుక్కలు చూపిస్తూ’ అన్న దగ్గర ఆగిపోయింది. అత్తయ్య భోజనానికి పిలిచింది. మర్నాడు రైల్లో పూర్తి చేద్దామని తెరిచాను గాని, అప్పటికి పొలాలు, స్టేషన్లు, ఎదుటి సీటు వాళ్ల మాటలు చేతికి వస్తున్నాయి. మూసేశాను. ఆ వాక్యం ఇప్పటికీ సగంలోనే ఉంది.