ఇన్‌స్టా ఖాతా చేజారితే: ఫిర్యాదుకు ముందు ఏం దాచుకోవాలి?

మా బొటిక్ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా శనివారం రాత్రి పోయిందండీ. తెలిసినావిడ ఐడీ నుంచి ‘నాకు ఓటెయ్యి, నీకు కోడ్ వస్తుంది చెప్పు’ అని మెసేజ్ వస్తే చెప్పేశాను. వాడు ఇప్పుడు నా పేరుతో కస్టమర్లను డబ్బు అడుగుతున్నాడు, ఇద్దరు పంపేశారు కూడా. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టబోతే వివరాలు రాసే చోట ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. ఏమేం సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

ముందు ఆ ఇద్దరికీ ఫోన్ చేసి, వెంటనే 1930కి కాల్ చేయమని చెప్పండి. డబ్బు పోయింది వాళ్లది, కాబట్టి ఆ ఫిర్యాదు వాళ్లే ఇవ్వాలి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు, ఎంత పంపారు, ఎప్పుడు పంపారు, ఏ బ్యాంకు నుంచి అన్నది దగ్గర పెట్టుకుంటే చాలు. పంపిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు గబగబా మారిపోతుంది, చివరి ఖాతాలోంచి తీసేసేలోపు ఆపగలిగితేనే ఆశ ఉంటుంది, అందుకే మీ ఫిర్యాదు పూర్తయ్యేదాకా వాళ్లను ఆగమనకండి. వాళ్లది డబ్బు మోసం, మీది ఖాతా కబ్జా. రెండూ వేర్వేరు ఫిర్యాదులు. తర్వాత ఒకదాని నంబరు ఇంకోదాంట్లో రాసుకుంటే పోలీసులకు లింకు దొరుకుతుంది.

ఇప్పుడు మీ సంగతి. ఖాతాకున్న మెయిల్ మార్చేసినప్పుడు మీ పాత మెయిల్‌కి security@mail.instagram.com నుంచి ఒక సందేశం వచ్చి ఉంటుంది. స్పామ్‌లో కూడా వెతకండి. ‘ఈ మార్పు మీరు చేయకపోతే’ అంటూ అందులో ఒక లింకు ఉంటుంది, అది ఇంకా పనిచేస్తుంటే ఖాతా తిరిగి రావచ్చు, కాబట్టి ముందు దాన్ని ప్రయత్నించండి, కాకపోతే instagram.com/hacked పేజీకి వెళ్లండి. కానీ ఖాతా వచ్చినా రాకపోయినా ఆ మెయిల్‌ను మాత్రం డిలీట్ చేయొద్దు, మీ దగ్గరున్న అన్నిటికంటే గట్టి సాక్ష్యం అదే.

దాన్ని స్క్రీన్‌షాట్ తీస్తే సరిపోదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి `Show original`, ఆ పేజీలో `Download Original` నొక్కితే .eml ఫైలు దిగుతుంది. మెయిల్ ఏ సర్వర్ నుంచి, ఏ సెకనుకు బయల్దేరిందో అందులో ఉంటుంది. సమయం దగ్గర మాత్రం జాగ్రత్త. ఉదాహరణకు ఫైలులో ఇలా కనిపిస్తుంది:

```
Date: Sat, 12 Apr 2025 09:44:12 -0700
```

అది చూసి ఉదయం 9:44 అని ఫిర్యాదులో రాసేస్తే తప్పు. చివర -0700 అంటే అమెరికా పడమటి తీరపు సమయం, దానికి పన్నెండున్నర గంటలు కలిపితే మన టైము రాత్రి 10:14 అవుతుంది. మీరు రాసిన టైముకీ, ఇన్‌స్టాగ్రామ్ నుంచి పోలీసులు తెప్పించుకునే లాగిన్ వివరాలకీ పొంతన కుదరకపోతే అక్కడే చిక్కు పడుతుంది.

తర్వాతిది ఆ ప్రొఫైల్. ఇలాంటివాళ్లు చాలాసార్లు చేసే పని యూజర్‌నేమ్ మార్చేయడం. అప్పుడు మీ పాత పేరుతో వెతికితే ఏమీ దొరకదు, ఖాతా డిలీట్ అయిందేమో అనుకుంటాం. మీతో పాత చాట్ ఉన్న కస్టమర్ ఎవరినైనా ఆ చాట్ తెరిచి, పైన పేరు మీద నొక్కమనండి, వాడు బ్లాక్ చేయకపోతే కొత్త యూజర్‌నేమ్‌తో అదే ప్రొఫైల్ వస్తుంది. దాన్ని కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, పైన లింకు పూర్తిగా కనిపించేలా, మూలన తేదీ, టైము కూడా పడేలా స్క్రీన్‌షాట్ తీయండి. పాత పేరు, కొత్త పేరు రెండూ రాసిపెట్టుకోండి. రేపు మళ్లీ మారిస్తే మూడోదీ రాయండి.

డబ్బు అడిగిన చాట్లు మీ దగ్గర ఉండవు, కస్టమర్ల ఫోన్లలో ఉంటాయి, వాడు పంపిన మెసేజ్‌ను వెనక్కి తీసుకుంటే అక్కడా మాయమవుతాయి. అందుకే ఈరోజే అడిగి తెప్పించుకోండి. ప్రొఫైల్ నుంచి చాట్‌లోకి వెళ్లి, మొదటినుంచి కిందిదాకా జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ చేయమనండి. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, యూపీఐ ఐడీలో ఒక అక్షరం అలుక్కుపోయినా పనికిరాదు, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. ఎర్ర గీతలు, క్రాపింగ్ వద్దు. మీరు కోడ్ చెప్పిన ఆ మొదటి చాట్ కూడా కావాలి, సిగ్గుపడి చెరిపేయకండి. దాంతోనే కథ మొదలవుతుంది, పైగా ఆ తెలిసినావిడ ఖాతా కూడా పోయినట్టే కాబట్టి ఆవిడకూ కబురు చెప్పండి.

ఖాతా మీదేనని చూపడానికి పాత ప్రకటనల బిల్లులో, ఖాతా తెరిచినప్పుడు వచ్చిన మెయిలో, ఏదో ఒకటి వెతికి పెట్టుకోండి.

ఇక పోర్టల్. cybercrime.gov.in అని మీరే టైప్ చేయండి, సెర్చ్‌లో పైన వచ్చిన లింకు నొక్కొద్దు. రుసుము ఏమీ లేదు. రిజిస్టర్ అయ్యేటప్పుడు మీ చేతిలో ఉన్న మెయిల్, ఫోన్ నంబరు ఇవ్వండి. మహిళలు, పిల్లలకు సంబంధించినవి కాకుండా ఇతర నేరాల విభాగంలో సోషల్ మీడియా నేరాలు, అందులో ప్రొఫైల్ హ్యాకింగ్ ఎంచుకోవాలి. చోటు అడిగినప్పుడు మీ ఇంటి చిరునామాలో హైదరాబాద్ అని ఉన్నా, కూకట్‌పల్లి సైబరాబాద్ కమిషనరేట్ కిందికి వస్తుందని గుర్తుంచుకోండి.

మీకు వచ్చిన ఎర్రర్‌కు కారణం దాదాపుగా ఇదే: వివరాలు కనీసం 200 అక్షరాలు ఉండాలి, అందులో @, #, $, *, !, కోట్ గుర్తుల వంటివి ఉండకూడదు. ఇన్‌స్టా పేరుకు ముందు @ పెట్టడం, మెయిల్ ఐడీ రాయడం, వాట్సాప్ నుంచి కాపీ చేసిన వాక్యంలో కోట్లు రావడం, వీటిలో ఏది జరిగినా ఫారం తిప్పికొడుతుంది. పేరును @ లేకుండా రాయండి, మెయిల్, యూపీఐ ఐడీలను జతచేసే పీడీఎఫ్‌లో పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను: ‘ఏప్రిల్ 12 రాత్రి 9:50కి ఫలానా ఖాతా నుంచి మెసేజ్ వచ్చింది. 10:05కి నా ఫోన్‌కు వచ్చిన కోడ్ చెప్పాను. 10:14కి ఖాతా మెయిల్ మారినట్టు సందేశం వచ్చింది. 11 గంటల నుంచి నా పేరుతో డబ్బు అడుగుతున్నారు, ఇద్దరు పంపారు.’ ఇది మోడల్ మాత్రమే, మీ టైములు మీ ఫోన్ చూసి వేసుకోండి. బాధంతా ఇక్కడ రాయాలనిపిస్తుంది, నాకు అర్థమవుతుంది, కానీ చదివే అధికారికి వరుస కావాలి.

గుర్తింపు కార్డు కాపీ 5 ఎంబీ లోపు, ఒక్కో సాక్ష్యం ఫైలు 10 ఎంబీ లోపు ఉండాలి. స్క్రీన్ రికార్డింగ్ అంతకు మించితే ముక్కలు చేసి పెట్టండి, అసలు రికార్డింగును ముట్టుకోకండి.

పంపాక వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఎఫ్ఐఆర్ కాదు. స్టేషన్ నుంచి పిలుపు వచ్చేదాకా ఊరుకోకుండా, ఆ నంబరు, పీడీఎఫ్ ప్రింటు పట్టుకుని సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లి, ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద కేసు కట్టమని అడగండి. ఇంకొకరి పాస్‌వర్డునో, గుర్తింపునో మోసపూరితంగా వాడుకోవడం గురించి చెప్పేది ఆ సెక్షనే, శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది. కోడ్ వచ్చిన ఫోన్‌ను కూడా తీసుకెళ్లండి. కోర్టుకు ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇవ్వాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఒక ధ్రువపత్రం కావాలి, అది ఏ పరికరం నుంచి తీశారో అందులో రాయాలి. అందుకే ఇంట్లోవాళ్లు ‘వైరస్ ఉందేమో, ఫోన్ రీసెట్ కొట్టెయ్’ అన్నా, స్టేషన్‌లో చూపించేదాకా కొట్టకండి.