ఆరు నెలల డిప్లొమాతో క్లినిక్ పెట్టొచ్చా?

ప్రశ్న: "నేను బీకాం చేశాను. ఆన్‌లైన్‌లో ఆరు నెలల కౌన్సెలింగ్ డిప్లొమా చేస్తే గుంటూరులో సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చా? ప్రభుత్వ గుర్తింపు ఉందని వాళ్లు చెబుతున్నారు."

పెట్టకండి. అవగాహన కోసమైతే చేయండి, తప్పులేదు. దాన్ని చూపించి ఫీజు తీసుకుని ఎవరికో జబ్బు పేరు రాసిచ్చే పని మాత్రం పెట్టుకోవద్దు.

నేను ఎంఏ సైకాలజీ చేసి విజయవాడలో ఒక స్కూల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మొన్నామధ్య ఎనిమిదో తరగతి పిల్లాడి అమ్మానాన్నలు ఒక ఫైలు పట్టుకొచ్చారు. పిల్లాడు నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, రాయమంటే అక్షరాలు తారుమారు. గుంటూరులో ఒక సెంటర్‌లో చూపించారట. రంగుల లెటర్‌హెడ్ మీద రెండు పేజీల రిపోర్టు, చివర్లో 'తీవ్రమైన డిస్లెక్సియా' అని బోల్డ్‌లో ఉంది. ఏ పరీక్ష పెట్టారో లేదు, మార్కులు లేవు, కళ్లు, చెవులు చూపించారా అన్న మాటే లేదు. సంతకం కింద 'సర్టిఫైడ్ సైకాలజిస్ట్' అని ఉంది, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఆ తల్లి మాత్రం "పదో తరగతిలో పిల్లాడికి ఎక్కువ టైమ్ ఇస్తారు కదండీ" అని ఆశగా అడుగుతోంది. ఆ కాగితంతో ఇవ్వరు.

మళ్లీ మొదటి నుంచి చేయించాం. ముందు కంటి డాక్టరు, తర్వాత వినికిడి పరీక్ష, ఆ తర్వాత ఒక క్లినికల్ సైకాలజిస్ట్. ఆవిడ మొదట ఐక్యూ పరీక్ష పెట్టారు. తెలివితేటలు మామూలుగానే ఉన్నాయని తేలాకే చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా చూశారు. ఒక్క రోజులో అయిపోలేదు. చదవడంలో వాడు మూడో తరగతి దగ్గరే ఆగిపోయాడని తేలింది, లెక్కలు బాగానే ఉన్నాయి. ఆ రిపోర్టులో పరీక్షల పేర్లు, స్కోర్లు, కింద ఆవిడ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయి. దాన్ని పట్టుకుని సర్టిఫికెట్ కోసం ప్రభుత్వాసుపత్రి బోర్డు ముందుకు వెళ్లారు. మొదటి సెంటర్‌కి కట్టిన డబ్బు పోతే పోయింది, ఈ లోపు పిల్లాడికి దక్కాల్సిన సాయం నెలల తరబడి ఆగిపోయింది. నా కోపం దానికే.

ఆ నంబరే అసలు సంగతి. క్లినికల్ సైకాలజిస్టులను రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, తన కేంద్ర రిజిస్టర్‌లో నమోదు చేసుకుంటుంది. 1992 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ కాకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా చూసి నవ్వొస్తుంది గానీ చట్టం చట్టమే. ఇన్నాళ్లూ ఆ రిజిస్టర్‌కి తెలిసిన దారి ఎంఏ తర్వాత రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్. ఆసుపత్రిలో సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూస్తూ చేయాలి. ఎంఫిల్‌నే ఎత్తేస్తున్నారు కాబట్టి, ఇప్పుడు చేరేవాళ్లు ఆర్‌సీఐ సైట్‌లో ఆమోదం ఉన్న కోర్సుల జాబితా చూసుకోవాలి.

నాలాంటి ఎంఏ వాళ్లం? మాట్లాడతాం, పిల్లల టెన్షన్ వింటాం, మా చేతిలో లేనిదాన్ని పైకి పంపుతాం. జబ్బుందని రాసివ్వం, ఇలాంటి రిపోర్టు మీద సంతకం పెట్టం. మందులు సైకియాట్రిస్టు రాయాల్సిందే, క్లినికల్ సైకాలజిస్ట్ కూడా రాయకూడదు. మాకూ ఒక చట్టం 2021లో వచ్చింది, అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్‌ది. దాని కింద మాలాంటి వాళ్ల పేర్లకీ రిజిస్టర్లు పెట్టాలి. దాని వల్లే 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ డిగ్రీలు పెట్టొద్దని యూజీసీ ఆపేసింది. డిగ్రీకే ఆన్‌లైన్ వద్దన్నప్పుడు మీ ఆరు నెలల డిప్లొమా ఎక్కడ నిలబడుతుందో చూసుకోండి.

ఇక ఆ 'ప్రభుత్వ గుర్తింపు'. బ్రోషర్ మళ్లీ తీసి చదవండి. చాలావాటిలో ఉండేది ఐఎస్‌ఓ ముద్ర, ఎంఎస్‌ఎంఈ ఉద్యమ్ నంబరు. ఉద్యమ్ నంబరు మా వీధి చివర టైలర్‌కి కూడా వస్తుంది. అది వ్యాపారం ఉందని చెబుతుంది, చదువు సంగతి చెప్పదు. ఐఎస్‌ఓ ముద్ర ఆఫీసు పనితీరుకి సంబంధించినది.

ఇక్కడ ఇంకో బాధ చెప్పాలి. మన ఊళ్లలో కొన్ని ఇంటర్ హాస్టళ్లలో కౌన్సెలర్ అంటే మైకు పట్టుకుని గంటసేపు ఉపన్యాసం దంచే పెద్దమనిషి. రాత్రి నిద్రపట్టక ఏడ్చే పిల్ల ఆయన దగ్గరకు వెళ్లి ఏం చెబుతుంది? ఆయన చేసింది కూడా మీరు అడుగుతున్న లాంటి కోర్సే అయి ఉంటుంది.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే రెగ్యులర్ ఎంఏ సైకాలజీలో బీకాం వాళ్లని తీసుకునే యూనివర్సిటీ వెతకండి. డిప్లొమా వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే ఒకటే అడగండి: "ఇది చేశాక నా పేరు ఏ చట్టం కింద, ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది?" జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి.