ఉగాండా ప్రయాణం: టీకా ఎవరికి, మలేరియా మాత్రలు ఎన్నాళ్లు?

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 62. షుగర్, బీపీ ఉన్నాయి, మందులతో కంట్రోల్‌లోనే ఉన్నాయి. మా ఆవిడకు 57 ఏళ్లు. కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతోంది. మా అబ్బాయి ఉగాండాలోని కంపాలాలో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలి ప్రసవం కోసం మేమిద్దరం రెండు నెలలు అక్కడ ఉండాలి. బయల్దేరడానికి ఇంకా 26 రోజులుంది. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అని ట్రావెల్ ఏజెంట్ అన్నాడు. మా ఆవిడ వేసుకునేది మలేరియా మందే కాబట్టి వేరే మాత్రలు అక్కర్లేదని ఒకరు చెప్పారు. నిజమేనా? మేం ఏమేం చేసుకోవాలి?

సమాధానం: ముందు మీ శ్రీమతి సంగతి తేల్చుకుందాం. మీ విషయం తేలికే. చిక్కంతా ఆమె దగ్గరే ఉంది.

ఎల్లో ఫీవర్ టీకాలో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. ఆరోగ్యంగా ఉన్నవారి ఒంట్లో అది కొద్దిగా పెరిగి, రోగనిరోధక శక్తిని తట్టి లేపి, తర్వాత అణిగిపోతుంది. మెథోట్రెక్సేట్ పని ఆ శక్తిని అణచడమే. కాబట్టి టీకా వైరస్ అదుపు తప్పే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈ మందు వాడుతున్నవారికి మామూలుగా ఈ టీకా వేయరు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒక్కటే అయితే ఇంత ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. "నాలుగు వారాలు మెథోట్రెక్సేట్ ఆపేసి టీకా వేయించుకుంటే?" అనిపించవచ్చు. దయచేసి ఆ పని చేయొద్దు. అది ఆపినా దాని ప్రభావం వెంటనే పోదు, సురక్షితంగా టీకా వేయాలంటే నెలల తరబడి ఆపాలి. ఈలోగా కీళ్ల వాపు తిరగబెడితే మనవడినో మనవరాలినో ఎత్తుకునే చేతులే లేవవు. మీకున్న 26 రోజుల్లో ఇది అయ్యే పని కాదు.

ఇలాంటివారికి మినహాయింపు ఉంది. టీకా కేంద్రంలోని డాక్టర్, వైద్య కారణాల వల్ల టీకా వేయకూడదని, టీకా సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు రంగు కార్డులోనే రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇస్తారు. కీళ్లవాతం డాక్టర్ ఇచ్చిన ఉత్తరం, మందుల చీటీ తీసుకెళ్తే అది దొరుకుతుంది. అయితే ఆ కాగితానికి రెండు పరిమితులున్నాయి. ఉగాండాలో మీరు దిగే ఎంటెబీ విమానాశ్రయంలో దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది వారి ఇష్టం. ముందే మీ అబ్బాయి చేత అక్కడి అధికారులను అడిగించండి. రెండోది తిరుగు ప్రయాణం. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు, కానీ దాన్ని మోసే ఈడిస్ దోమలు, అంటే డెంగీ తెచ్చేవే, ఊరూరా ఉన్నాయి. ఒక్క రోగి దిగితే అంటుకుంటుందన్న భయంతో మన ప్రభుత్వం చాలా కఠినంగా ఉంటుంది. చెల్లే సర్టిఫికెట్ లేకుండా ఆ ప్రాంతం నుంచి వస్తే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఆ ఆరు రోజులు లెక్కపెట్టేది అక్కడ బయల్దేరిన నాటి నుంచి. మధ్యలో దుబాయ్‌లో రెండు రోజులు ఆగి వస్తే ఇక్కడ మిగిలేది నాలుగే. అడిస్ అబాబా మీదుగా వచ్చే విమానమైతే, ఇథియోపియా కూడా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలోదే కనుక, అక్కడి నుంచే లెక్క మొదలు కావచ్చు.

కాగితాల సంగతి అలా ఉంచండి, అసలు జబ్బు ముఖ్యం. ఎల్లో ఫీవర్‌కు ప్రత్యేకమైన మందు లేదు. తీవ్రంగా వచ్చినవారిలో సగం మంది దాకా చనిపోతారు. ఉగాండాలో అది అప్పుడప్పుడు తలెత్తుతూనే ఉంది. మినహాయింపు కార్డు పోలీసును ఆపుతుంది గానీ దోమను ఆపదు. నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను: మీ వియ్యపురాలికి ఆరోగ్యం బాగుండి, వెళ్లే వీలుంటే ఆవిడను పంపండి. మీ శ్రీమతి బిడ్డను ఇక్కడికి తీసుకొచ్చాక చూసుకోవచ్చు. తొమ్మిది నెలల లోపు పసివాళ్లకు మన దేశం ఈ సర్టిఫికెట్ అడగదు కూడా. ఇవన్నీ కుదరక ఆమే వెళ్లాల్సి వస్తే, పగలూ రాత్రీ దోమల విషయంలో కట్టుదిట్టంగా ఉండాలి. అది కింద చెబుతాను.

ఇక మీరు. షుగర్, బీపీ టీకాకు అడ్డు కాదు. గుడ్డు అంటే తీవ్రమైన ఎలర్జీ ఉందా, థైమస్ గ్రంథి జబ్బేదైనా ఉందా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా అన్నవి అడుగుతారు, దాచకండి. 60 దాటినవారికి మొదటిసారి వేసేటప్పుడు తీవ్రమైన దుష్ప్రభావాల అవకాశం యువకులకంటే కాస్త ఎక్కువ. అయినా అది చాలా అరుదు. ఉగాండాలో రెండు నెలలు ఉండబోయే మీకు లాభమే ఎక్కువ. వేసిన తర్వాత రెండు మూడు రోజులు ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం ఉంటే టెన్షన్ పడకండి. పది రోజుల లోపు ఎక్కువ జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మాట తడబడి గందరగోళంగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఫలానా రోజు ఈ టీకా వేయించుకున్నానని చెప్పండి.

హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వేయించుకుంటేనే సర్టిఫికెట్ చెల్లుతుంది, పక్క వీధిలోని క్లినిక్ రసీదు పనికిరాదు. ఏయే రోజుల్లో వేస్తున్నారో, ముందుగా స్లాట్ తీసుకోవాలో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. వరంగల్ నుంచి వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లినవాళ్లను చూశాను. ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. కార్డు మీద పేరు, పాస్‌పోర్ట్ నంబర్ అక్షరం పొల్లు పోకుండా సరిచూసుకున్నాకే అక్కడి నుంచి కదలండి.

సర్టిఫికెట్ టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది. మీకు 26 రోజులే ఉన్నాయి, కాబట్టి ఈ వారంలోనే వేయించుకోండి. స్లాట్ దొరక్క ఒక వారం జారినా సరిపోతుంది, రెండు వారాలు జారితే చివరి నిమిషం ఉరుకులే. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. పదేళ్ల నిబంధన 2016 జులైలోనే పోయింది. ఇంకో బతికున్న వైరస్ టీకా ఏదైనా కావాలంటే అదే రోజు వేయించుకోండి, లేదా నాలుగు వారాలు ఆగండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అలాంటిది కాదు, మీ ఇద్దరికీ ఒక్కో డోసు చాలు. పసిబిడ్డ దగ్గరికి వెళ్తున్నారు కనుక కోరింత దగ్గు రక్షణ కూడా ఉండే టీడ్యాప్ టీకా గురించి మీ డాక్టర్‌ని అడగండి.

మలేరియా విషయానికొద్దాం. మీ శ్రీమతి వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ క్లోరోక్విన్ కుటుంబానిదే, అందుకే మీకు ఎవరో అలా చెప్పి ఉంటారు. కానీ ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం మలేరియా. అది ఆ కుటుంబపు మందులకు ఎప్పుడో మొండికేసింది. ఆ మాత్రను నమ్ముకుని వేరే మందు వేసుకోకపోవడమంటే ఏమీ వేసుకోకపోవడమే. "చిన్నప్పుడు నాకు మలేరియా వచ్చి తగ్గింది, ఒళ్లు అలవాటు పడింది" అన్న మాట కూడా వదిలేయండి, అలాంటి రక్షణ కొన్నేళ్లలో కరిగిపోతుంది. కంపాలా ఎత్తులో ఉన్న ఊరు, చల్లగా ఉంటుంది, అయినా మలేరియా లేకపోలేదు.

మీకు సరిపోయేది డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకొకటి. వెళ్లడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్న 60 రోజులూ వేసుకుని, తిరిగొచ్చాక మరో 28 రోజులు కొనసాగించాలి. మొత్తం 90 క్యాప్సూల్స్. చాలామంది తప్పు చేసేది ఆఖరి 28 దగ్గరే. దోమ కుట్టాక మలేరియా క్రిమి ముందు కాలేయంలో దాక్కుని పెరుగుతుంది, తర్వాతే రక్తంలోకి వస్తుంది. డాక్సీసైక్లిన్ దానిని రక్తంలోనే దెబ్బకొడుతుంది. కాలేయంలో ఉన్నవి బయటికి వచ్చేదాకా మందు కాపలా ఉండాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అనే మరో మాత్ర కాలేయంలోని వాటినీ కొడుతుంది, అందుకే వచ్చాక ఏడు రోజులు చాలు. కానీ అది మన దగ్గర అన్ని షాపుల్లో దొరకదు, ఖరీదు కూడా.

ఆరేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక బిల్డింగ్ సూపర్‌వైజర్ కథ చెబుతాను. ఆఫ్రికాలో ఉన్నన్నాళ్లూ క్యాప్సూల్ మానలేదు. విమానం దిగాక "ఇంటికొచ్చేశాం కదా" అని ఆపేశాడు. 12వ రోజున జ్వరం. దగ్గర్లోని క్లినిక్‌లో విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు (ఆ పరీక్షను నమ్మి ఎన్ని కేసులు పాడయ్యాయో), నాలుగు రోజులు సూదులు వేశారు. ఆఫ్రికా నుంచి వచ్చానని ఆయన చెప్పలేదు, వాళ్లు అడగలేదు. నా దగ్గరికి వచ్చేసరికి కళ్లు పచ్చబడి, ప్లేట్‌లెట్లు పడిపోయి, మాట పొంతన లేకుండా ఉన్నాడు. రక్తం స్లైడు చూస్తే నిండా ఫాల్సిపారం. ఐసీయూలో ఆర్టిసునేట్ సూదులతో బతికాడు.

ఈ క్యాప్సూల్‌ను భోజనం తర్వాత గ్లాసు నిండా నీళ్లతో వేసుకోండి. వెంటనే పడుకోకండి, అరగంట కూర్చోండి. లేకపోతే గొంతు కింద అతుక్కుని పుండు పడుతుంది. పాలతో, క్యాల్షియం లేదా ఐరన్ మాత్రలతో కలిపి వేయకండి. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, గొడుగు పట్టుకోండి.

మీ శ్రీమతి వెళ్తే ఆమెకు ఏ మాత్ర అన్నది కీళ్లవాతం డాక్టర్ నిర్ణయించాలి. వారానికోసారి వేసే మెఫ్లోక్విన్ హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో కలవదు. ప్రోగ్వానిల్ కూడా మెథోట్రెక్సేట్‌లాగే ఫోలేట్ అనే విటమిన్ మీద దెబ్బతీస్తుంది. డాక్సీసైక్లిన్ ఇచ్చినా రక్త పరీక్షలు చూసుకుంటూ ఉండాలి. అక్కడ విరేచనాలు పట్టుకుంటే సెప్ట్రాన్ లాంటి మాత్ర మాత్రం ఆమెకు ఇవ్వొద్దు. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మీరు షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, వాంతులు, విరేచనాలు ఉన్న రోజు దాన్ని ఆపి, ఓఆర్ఎస్ తాగండి, షుగర్ చూసుకుంటూ ఉండండి. మీ ఇద్దరి మందులూ రెండు నెలలకు కాస్త ఎక్కువే, చీటీతో సహా, చేతిలో ఉంచుకునే బ్యాగులో పెట్టుకోండి. మెథోట్రెక్సేట్ వేసుకునేది వారంలో ఏ రోజో కాగితం మీద రాసి పెట్టె మీద అతికించండి. ప్రయాణ హడావిడిలో పొరపాటున రోజూ వేసుకుంటే అది విషమే.

దోమల సంగతి. మలేరియా దోమ చీకటి పడ్డాక తెల్లారేదాకా కుడుతుంది, ఎల్లో ఫీవర్ దోమ పగలు. కాబట్టి రాత్రి మందు పట్టించిన దోమతెరలో పడుకోవాలి, తెర అంచులు పరుపు కిందికి దోపాలి. పగలు నిండు చేతుల దుస్తులు, బయట ఉండే చర్మానికి డీఈఈటీ 20 నుంచి 30 శాతం ఉన్న క్రీమ్ రాసుకోవాలి. చెమటకు పోతుంది, మళ్లీ రాయాలి. సన్‌స్క్రీన్ కూడా రాసుకునేటట్లయితే అది ముందు, దోమల క్రీమ్ తర్వాత.

తిరిగొచ్చాక మూడు నెలల లోపు జ్వరం వస్తే, మాత్రలన్నీ వేసుకున్నా సరే, అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. డాక్టర్ ముందు మొదటి మాటగా "ఉగాండా నుంచి వచ్చాం" అనండి. పరీక్ష నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో ఇంకో రెండుసార్లు స్లైడు చూడమనండి. మొదటిసారి కనిపించని క్రిమి రెండోసారి దొరకడం మామూలే.